అన్నం నాలుగుసార్లు కలుపుకునే ఇంట్లో ప్లేట్ పద్ధతి: ఒక కేస్ స్టడీ

తొమ్మిది అంగుళాల ప్లేటు తీసుకోండి, సగం కూరగాయలు, పావు భాగం పప్పో గుడ్డో చేపో, మిగతా పావు అన్నం అని షుగర్ ఉన్నవాళ్లకి చెప్పడం చాలా తేలిక. డైటీషియన్‌గా నేనూ చెప్తాను. కానీ ఈ పద్ధతి తినేదంతా ఒకేసారి పళ్లెంలో పెట్టుకుని కూర్చునేవాళ్లకి కుదిరినంత బాగా మనకి కుదరదు. మనం పప్పుతో కాస్త అన్నం కలుపుకుంటాం, అది అయిపోయాక కూరతో మళ్లీ కాస్త, తర్వాత చారుతోనో పులుసుతోనో, చివర్న పెరుగుతో. కంచంలో ఏ క్షణంలో చూసినా అన్నం కొంచెమే కనిపిస్తుంది, లేచేసరికి మాత్రం బాగానే లోపలికి పోయి ఉంటుంది. అందుకని ఈ కేసు రాస్తున్నాను. పేషెంటు ఒప్పుకున్నాకే రాస్తున్నాను, ఆవిణ్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఆవిడకి యాభై నాలుగేళ్లు, తెనాలి దగ్గర ఒక ఊళ్లో కిరాణా కొట్టు చూసుకుంటారు. షుగర్ వచ్చి ఆరేళ్లు. మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, పొద్దున టిఫిన్‌కి ముందు గ్లిమిపిరైడ్ 2 మిల్లీగ్రాములు వాడుతున్నారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8.1. పరగడుపున 118, 125 అలా వస్తుంది కాబట్టి పెద్ద గొడవ లేదు, మధ్యాహ్నం భోజనం తర్వాతే 250 దాటుతోంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగానే ఉంది, ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో తర్వాత వస్తుంది.

నా దగ్గరికి రావడానికి ముందే ఆవిడ ఒక ప్రయోగం చేశారు. ఎవరో చెప్పారని అన్నం ఒక్కసారిగా తగ్గించి, ఒక చిన్న గిన్నెడు మజ్జిగన్నంతో సరిపెట్టారట. మూడో రోజు సాయంత్రం కొట్లో కూర్చుని ఉండగా ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. పక్కింటబ్బాయి మిషన్ తెచ్చి చూస్తే 64. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగితే సర్దుకుంది. దాంతో భయపడి, ‘అన్నం మానితే నాకు పడదు’ అని తేల్చేసుకుని మళ్లీ మామూలుగా తినడం మొదలుపెట్టారు. నిజానికి పడనిది అన్నం తగ్గించడం కాదు, మాత్ర అలాగే ఉంచేసి తగ్గించడం. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు మనం తిన్నామా లేదా అని చూడవు, క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటాయి. అవో ఇన్సులినో వాడుతున్నవాళ్లు అన్నం సగానికి తగ్గించేముందు డాక్టర్‌తో మాట్లాడి తీరాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి ఈ ప్రమాదం చాలా తక్కువ. మేము మొదలుపెట్టేముందు ఆవిడ డాక్టరు గ్లిమిపిరైడ్‌ని 1 మిల్లీగ్రాముకి తగ్గించారు.

రెండు హస్తాల లెక్క

మొదటిసారి వచ్చినప్పుడు ఎంత అన్నం తింటారని అడిగితే, ‘రెండు హస్తాలేనండీ, అంతకంటే ఎక్కువ తినను’ అన్నారు. హస్తం అంటే అన్నం వడ్డించే గరిటె. ఆవిడ చెప్పింది అబద్ధమేం కాదు. పక్కన కోడలు కూర్చుని ఉంది, ఆ అమ్మాయే వడ్డించేది. ‘రెండు హస్తాలు పప్పులోకి కదా అత్తయ్యా’ అంది. అప్పుడు కూడితే పప్పులోకి రెండు, కూరలోకి ఒకటి, చారులోకి ఒకటి, పెరుగులోకి ఒకటి, మొత్తం ఐదు. మర్నాడు కోడలే వంటింటి కాటా మీద పెట్టి చూసి చెప్పింది, ఒక్కో హస్తం ఎనభై అయిదు గ్రాముల దాకా తూగుతోంది. అంటే ఒక పూటకి 420 గ్రాముల పైచిలుకు అన్నం.

వండిన తెల్లన్నంలో వంద గ్రాములకి సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఆ లెక్కన ఆవిడ కంచంలో అన్నం నుంచే 118 గ్రాములు. పప్పు పల్చగా చేస్తారు, రెండు గరిటెలు, అందులో కందిపప్పు నిజంగా ఉన్నది పదిహేను గ్రాములు ఉంటుందేమో. కూర దొండకాయ వేపుడు, బాగా వేగి చిక్కిపోయి నాలుగు చెంచాలు. ఆవకాయ బద్ద ఒకటి. పెరుగు ఒక చిన్న గిన్నె. మొత్తం మీద 130 గ్రాముల పైన పిండిపదార్థం, అందులో పదింట తొమ్మిది వంతులు అన్నానిదే. పేరుకి పప్పూ కూరా అన్నీ ఉన్న భోజనమే, కానీ అవన్నీ అన్నానికి రంగూ రుచీ ఇవ్వడానికి మాత్రమే ఉన్నాయి. మన ఇళ్లలో షుగర్ ఉన్నవాళ్ల కంచాలు చాలావరకు ఇలాగే ఉంటాయి, ‘నేను పప్పు, కూర రోజూ తింటానండీ’ అనే మాటని అందుకే నేను వెంటనే నమ్మను.

ఇంకో చిక్కు కంచం. వాళ్లింట్లో స్టీలు కంచం పన్నెండు అంగుళాలు. తొమ్మిది అంగుళాల ప్లేటుతో పోలిస్తే దాని వైశాల్యం దాదాపు ఒకటిం ముప్పావు రెట్లు. అందులో పావు భాగం అన్నం అంటే, చిన్న ప్లేటులో సగానికి కాస్త తక్కువ అన్నమాట. దానికితోడు అన్నం కుప్పగా నిలబడుతుంది, కూర పరుచుకుంటుంది. పైనుంచి చూసి పావు, సగం అని గీతలు గీసుకుంటే అన్నం ఎప్పుడూ గెలుస్తుంది. అందుకే అన్నం విషయంలో నేను ప్లేటు గీతల్ని వదిలేసి గిన్నెతో కొలిపిస్తాను. ప్లేటు కూరలు ఎంతుండాలో గుర్తుచేయడానికి పనికొస్తుంది, అన్నాన్ని కొలవడానికి పనికిరాదు.

గిన్నె అంటే 150 మిల్లీలీటర్ల నీళ్లు పట్టే స్టీలు కటోరీ. అన్నం అదిమిపెట్టకుండా, పైన గోపురం లేకుండా అంచు వరకు నింపితే వంద, వంద పది గ్రాములు వస్తుంది, అంటే సుమారు 30 గ్రాముల పిండిపదార్థం. ఒక్కసారి కాటా మీద చూసుకుంటే చాలు, ఆ తర్వాత అదే గిన్నె వాడుకోవాలి. గిన్నె మారితే లెక్క మారిపోతుంది, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ రెండు వారాల తర్వాత ‘అదే తింటున్నా షుగర్ పెరిగింది’ అని వచ్చేవాళ్లలో కొందరి ఇంట్లో జరిగింది ఇదే.

ఏం మార్చాం

మేము అనుకున్నది ఇది. అన్నం ఒకటిన్నర గిన్నె, అంటే 45 గ్రాముల పిండిపదార్థం. గట్టి పప్పు ఒక గిన్నె, అది నలభై గ్రాముల పచ్చి కందిపప్పుతో చేసినది. దాంట్లో తొమ్మిది గ్రాముల దగ్గరగా ప్రోటీన్, మూడు గ్రాముల పైన పీచు, ఇరవై రెండు గ్రాముల పిండిపదార్థం. అవును, పప్పులోనూ పిండిపదార్థం ఉంది, దాన్ని లెక్కలో వేసుకోవాలి. పప్పు ఎంత తిన్నా ఏం కాదనుకోవడం ఇంకో వైపు పొరపాటు. కానీ అది పీచుతో, ప్రోటీన్‌తో కలిసి ఉండటం వల్ల మెల్లగా అరుగుతుంది. కూర రెండు గిన్నెలు, దుంపలు కాకుండా. పెరుగు చిన్న గిన్నె. అంతా కలిపితే ఎనభై గ్రాముల చిల్లర. ముందు 130 పైన ఉండేది.

కడుపు ఖాళీగా ఉండదు, ఇది ముఖ్యం. ముందు ఆవిడ చేసిన ప్రయోగంలో అన్నం తీసేశారు కానీ ఆ ఖాళీలో ఏమీ పెట్టలేదు. సాయంత్రానికి ఆకలేసి, కొట్లో చేతికందే బిస్కెట్ ప్యాకెట్ విప్పడం, రాత్రికి రెట్టింపు అన్నం తినడం, అన్నీ దాని వెంటే వచ్చాయి.

ఆ ఒకటిన్నర గిన్నె అన్నాన్ని ఎలా పంచుకోవాలన్న దగ్గర అసలు బేరం మొదలైంది. నేను ముందు కూరతోనూ పప్పుతోనూ అన్నమంతా అయిపోనిచ్చి, పెరుగు విడిగా తాగమన్నాను. ‘పెరుగన్నం తినకుండా ఎలా లేస్తానండీ, భోజనం చేసినట్టే ఉండదు’ అన్నారు. ఆ మాటతో వాదించి గెలిచిన డైటీషియన్‌ని నేను ఇంతవరకు చూడలేదు. సరే, పెరుగన్నం ఉంటుంది, అయితే దానికి వాటా ముందే పక్కన పెట్టాలి. భోజనానికి కూర్చోకముందే కోడలు అన్నాన్ని గిన్నెతో కొలిచి రెండు భాగాలు చేస్తుంది, పప్పులోకి ఒక గిన్నె, పెరుగులోకి అర గిన్నె. కూరలోకి అన్నం లేదు, చారులోకీ లేదు. చారు గ్లాసులో పోసుకుని తాగడమే. అన్నం గిన్నె భోజనాల దగ్గరికి రాదు, వంటింట్లోనే మూత పెట్టి ఉంటుంది.

ఈ చివరి మాటే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. మన ఇళ్లలో ఎంత తినాలో తినేవాళ్లు నిర్ణయించరు, వడ్డించేవాళ్లు నిర్ణయిస్తారు. ‘ఇంకొంచెం వేసుకోండి’ అనడం మర్యాద, వద్దంటే రెండోసారి అడగడం ఇంకా మర్యాద. అందుకే నేను షుగర్ పేషెంటుతో మాట్లాడిన దానికంటే వాళ్లింట్లో హస్తం పట్టుకునే మనిషితో ఎక్కువసేపు మాట్లాడతాను.

తినే వరుస కూడా మార్చాం. ముందు కూర ఒక గిన్నె విడిగా, తర్వాత పప్పూ అన్నం మిగతా కూర నంజుకుంటూ, ఆఖర్న పెరుగన్నం. కూరగాయలు, పప్పు ముందు లోపలికి వెళ్తే కడుపులోంచి ఆహారం పేగుల్లోకి నెమ్మదిగా దిగుతుంది, అన్నంలోని పిండి గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా చేరుతుంది. అదే అన్నం, అదే కూర, వరుస మార్చితేనే భోజనం తర్వాత షుగర్ కొంత తగ్గుతుందని పరిశోధనల్లో చూశారు. ఎంత తగ్గుతుందన్నది మనిషిని బట్టి మారుతుంది, అన్నం తగ్గించకుండా వరుస ఒక్కటే మార్చి అద్భుతం ఆశించకూడదు.

అన్నం లేకుండా కూర ఎలా తినడం

వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది. కూర విడిగా తినలేకపోతున్నారట, ఉప్పు, కారం గొంతు పట్టేస్తున్నాయట. ఇందులో ఆశ్చర్యం లేదు. మన కూరల్ని మనం అన్నంలో కలిపి తినడానికే వండుతాం. ఒక ముద్ద కూరకి మూడు ముద్దల అన్నం కలిసినప్పుడు సరిపోయేలా ఉప్పు, కారం, పులుపు, నూనె వేస్తాం. ఆ కూరనే రెట్టింపు పెట్టి అన్నం మూడో వంతుకి దించితే, షుగర్ సంగతి దేవుడెరుగు, ఉప్పూ నూనే రెట్టింపు అవుతాయి. ఆవిడకి కాస్త బీపీ కూడా ఉంది. ప్లేట్ పద్ధతి చెప్పి కూర వండే తీరు చెప్పకపోతే సగం పనే చేసినట్టు.

కోడలితో మాట్లాడి మార్చింది పెద్ద వంటకాలేం కాదు. దొండకాయ, బెండకాయ, గోరుచిక్కుడు లాంటివి నూనెలో వేయించే బదులు, ముక్కలు ముందు ఆవిరి మీద ముప్పావు వంతు ఉడికించి, రెండు చెంచాల నూనెలో తాలింపు వేసి అందులో తిప్పడం. అలా చేస్తే ముక్క చిక్కిపోదు, అరకిలో దొండకాయ అరకిలోలాగే కనిపిస్తుంది, వేపుడైతే గుప్పెడైపోయేది. ఉప్పు, కారం ముందు వేసేదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. క్యాబేజీ, బీరకాయ, పొట్లకాయల్లో నానబెట్టిన పెసరపప్పు వేసి కూర చేస్తే అన్నం లేకుండా తినడానికి బాగుంటుంది, పప్పు వాటా కూడా కొంత అందులోనే తీరిపోతుంది. ఆ రోజు ముద్దపప్పు అర గిన్నె చాలు. ఆకుకూర పప్పు చేసిన రోజు, అంటే తోటకూరో పాలకూరో గోంగూరో పప్పులో సమానంగా పడ్డ రోజు, కూర ఒక గిన్నె తగ్గినా ఫరవాలేదు.

ఆవకాయ గురించి తప్పకుండా అడుగుతారు. పచ్చడిలో షుగర్ పెంచేది పెద్దగా ఏమీ లేదు, ఉప్పు మాత్రం చాలా ఉంది. అయితే పచ్చడి అన్నాన్ని పిలుస్తుంది. మొదటి ముద్ద ఆవకాయ, నెయ్యి వేసుకుని కలుపుకుంటే అది ఒక్క ముద్దతో ఆగిన ఇల్లు నాకు తెలీదు. అందుకే భోజనం మొదట్లో వద్దు, పెరుగన్నంలో ఒక చిన్న ముక్క నంజుకోమన్నాను. కందిపొడి, కరివేపాకు పొడి సంగతీ అంతే.

ఇంకొకటి, పప్పుచారునీ సాంబారునీ పప్పు కింద లెక్కేయడం. కంచం కాస్త వంచితే జారి పక్కకి పారేది పప్పు వాటాలోకి రాదు, అక్కడే నిలబడేది వస్తుంది. ఇది కొలత కాదు, గుర్తు మాత్రమే, కానీ ఇంట్లో రోజూ పప్పు తూచలేరు కదా. ఆవిణ్ని ఒప్పించడం కంటే కుక్కర్ లెక్క మార్చడం తేలికైంది. ముగ్గురికి మధ్యాహ్నానికి పిడికెడు కందిపప్పు పోసేవాళ్లు, ఇప్పుడు నూట ఇరవై గ్రాములు, అంటే వాళ్ల టీ గ్లాసుకి తలకొట్టి ఒకటి. బియ్యం మూడో వంతు తగ్గించారు. వండిందే తక్కువైతే మారు వడ్డించడానికి మిగలదు.

కందిపప్పు అంత తినేసరికి మొదట్లో కడుపు ఉబ్బరం వచ్చింది. పప్పు అరగంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఇంగువ వేసి వండటం, రోజు మార్చి రోజు పెసరపప్పు చేయడంతో పది రోజుల్లో తగ్గిపోయింది. ఇక్కడే క్రియాటినిన్ మాట. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, మూత్రంలో ప్రోటీన్ పోతున్నవాళ్లు ఈ కేసు చదివి పప్పు పెంచుకోకూడదు. వాళ్లకి ప్రోటీన్ ఎంతో, పొటాషియం ఎంతో వాళ్ల డాక్టరు, డైటీషియన్ విడిగా లెక్క కట్టాలి, ఆకుకూరల విషయంలో కూడా.

మిషన్ ఏం చెప్పింది

షుగర్ ఎలా చూడాలన్నది ముందే మాట్లాడుకున్నాం. భోజనానికి కూర్చునే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న దగ్గర్నుంచి సరిగ్గా రెండు గంటలకి ఇంకోసారి. చాలామంది భోజనం అయ్యాక, గిన్నెలు సర్దుకున్నాక రెండు గంటలు లెక్కేస్తారు, అలా అయితే ఒక రోజు రీడింగ్‌ని ఇంకో రోజుతో పోల్చలేం. వారానికి మూడు రోజులు చాలు, రోజూ వేలు పొడుచుకోవాల్సిన పని లేదు, స్ట్రిప్పుల ఖర్చు కూడా చూసుకోవాలి కదా.

మార్చకముందు ఒక మామూలు రోజు భోజనానికి ముందు 124, తర్వాత 256. అంటే 132 పెరుగుదల. కొత్త పద్ధతి కుదురుకున్నాక రెండు గంటల రీడింగ్ ఎక్కువ రోజులు 170, 185 మధ్య వచ్చింది, పెరుగుదల యాభై, అరవై. మామూలుగా చెప్పే లక్ష్యం 180 లోపు. దాదాపు అక్కడికి వచ్చేసినట్టే. 172 వచ్చిన రోజు సంతోషం, 184 వచ్చిన రోజు దిగులు పడేవారు. ఇంటి మిషన్లలో పదిహేను శాతం దాకా అటూ ఇటూ తేడా మామూలే కాబట్టి ఆ రెండూ ఒకటే అని చెప్పాల్సి వచ్చింది. టెన్షన్ పడాల్సింది ఒక అంకె చూసి కాదు, వరసగా అలాగే వస్తుంటే.

మధ్యలో రెండు రీడింగులు మాత్రం పక్కకి తీసి చూశాం. ఒక ఆదివారం 231. అన్నం కొలతే, పప్పు ఉంది, కూర రెండు గిన్నెలు. కూర ఏమిటంటే బంగాళదుంప వేపుడు. కూరగాయలు సగం ప్లేటు అన్నప్పుడు మన భాషలో దుంపలూ కూరగాయలే కదా, సంతలో పక్కపక్కనే ఉంటాయి. బంగాళదుంప, చామదుంప, కంద, చిలగడదుంప, అరటికాయ, ఇవన్నీ అన్నం వాటాలోకి వస్తాయి, కూర వాటాలోకి రావు. తినకూడదని కాదు, ఆ రోజు అన్నం అర గిన్నెకి తగ్గించి దుంప కూర ఒక గిన్నె తినొచ్చు. పచ్చి బఠాణీ, తీపి మొక్కజొన్న కూడా ఇంతే.

రెండోది ఇంకా ఆసక్తిగా ఉంది. భోజనం తర్వాత 219, ఆవిడ బాగా బాధపడుతూ ఫోన్ చేశారు. భోజనానికి ముందు ఎంత అని అడిగితే 168. అంటే భోజనం వల్ల పెరిగింది 51 మాత్రమే, ప్లేటు తన పని తాను చేసింది. ముందే 168 ఎందుకు ఉందంటే, పదకొండున్నరకి సరుకు దింపే కుర్రాళ్లకి టీ తెప్పించి, వాళ్లతో పాటు తనూ చక్కెర టీ, నాలుగు బిస్కెట్లు. ముందు రీడింగ్ లేకుండా తర్వాత రీడింగ్ ఒక్కటే చూసి ఉంటే, అన్నం ఇంకా తగ్గించేసేవాళ్లం, లేనిపోని ఆకలి తెచ్చిపెట్టేవాళ్లం. ఇంట్లో చూసుకునేవాళ్లు ఈ ఒక్క అలవాటు చేసుకుంటే నాలాంటివాళ్ల పని సగం తగ్గుతుంది. టీ ఇప్పటికీ తాగుతున్నారు, చక్కెర లేకుండా, బిస్కెట్ల బదులు వేయించిన శనగలు గుప్పెడు.

ఒక రోజు మూడు గంటలకి కూడా చూడమన్నాను. పప్పు, నూనె, పీచు ఎక్కువున్న భోజనంలో షుగర్ పైకెళ్లే శిఖరం కొంచెం వెనక్కి జరగొచ్చు, రెండు గంటలకి తక్కువ కనిపించి మూడో గంటకి ఎక్కితే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఆవిడకి రెండు గంటలకి 178, మూడు గంటలకి 159. దిగుతోంది, ఫరవాలేదు. సాయంత్రం అయిదున్నరకి చూసినవి 110కి తగ్గలేదు, వణుకూ చెమటలూ మళ్లీ రాలేదు.

బియ్యం మార్చమంటారా అని అత్తాకోడళ్లిద్దరూ అడిగారు. తెలంగాణ సోనా అని పిలిచే ఆర్‌ఎన్‌ఆర్ 15048 లాంటి రకాల గ్లైసిమిక్ ఇండెక్స్, అంటే షుగర్‌ని వేగంగా పెంచే గుణం, తక్కువని పేరుంది, దొరికితే వాడుకోండి, దంపుడు బియ్యం అరిగితే అదీ వాడుకోండి. కానీ ఏ బియ్యమైనా గిన్నెలో పిండిపదార్థం దాదాపు అంతే ఉంటుంది, మెల్లగా అరిగే బియ్యం అని చెప్పి ఐదు హస్తాలు తింటే ఉపయోగం లేదు. గంజి వార్చితే షుగర్ పోతుందన్న నమ్మకం కూడా అంతే, వార్చిన గంజిలో కొంత పిండి పోతుంది నిజమే, అన్నం మెతుకులో మిగిలేదే ఎక్కువ. వాళ్లింట్లో బీపీటీ సన్నబియ్యమే, మార్చలేదు. ఒకేసారి రెండు మార్చితే దేనివల్ల తగ్గిందో తెలీదని నేనూ బలవంతపెట్టలేదు.

మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ 7.4. బరువు రెండు కిలోలు తగ్గింది. ఇదంతా మధ్యాహ్నం ప్లేటు చేసిన పనే అని చెప్పను, పదకొండున్నర బిస్కెట్లు కూడా పోయాయి కదా, అయినా మాత్ర డోసు సగానికి తగ్గాక కూడా ఇంత తగ్గిందంటే భోజనం చేసిన పని తక్కువేం కాదు.

కుదరని చోట్లు ఉన్నాయి. పులిహోర చేసిన రోజు ఈ లెక్క పనికిరాదు, అందులో పప్పూ కూరా విడిగా ఉండవు, పులిహోర ఎప్పుడూ గోపురంలా పడుతుంది. ఆ రోజు ఒక గిన్నె పులిహోర, ముందు ఒక పెద్ద గిన్నె కూర, తర్వాత మజ్జిగ, అంతే, పెరుగన్నం లేదు అని ఒప్పందం. పెళ్లి బంతిలో అయితే గిన్నె పట్టుకెళ్లలేరు. విస్తరిలో ముందు కూరలూ పప్పూ వేయించుకుని అవి సగం తిన్నాక అన్నం పెట్టించుకోవడం, పెరుగు వచ్చేవరకు కొంచెం అన్నం పక్కన మిగుల్చుకోవడం, మారు అన్నానికి చెయ్యి అడ్డం పెట్టడం. స్వీటు తిన్న రోజు పెరుగన్నం త్యాగం చేయాలన్నది ఆవిడ తనే పెట్టుకున్న రూలు.

రాత్రి భోజనం మాత్రం ఇంకా ముట్టుకోలేదు. తొమ్మిదిన్నరకి కొట్టు కట్టేసి వచ్చి తింటారు, ఆ టైముకి ఆకలి వేరు, ఓపిక వేరు, కోడలు అప్పటికి నిద్రపోయి ఉంటుంది, కొలిచి పెట్టేవాళ్లు ఉండరు. వచ్చే నెల దానికోసం మధ్యాహ్నమే పప్పూ కూరా రాత్రికి కూడా సరిపడా వండి, అన్నం ఒక గిన్నె కొలిచి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచడం మొదలుపెడుతున్నాం. దానికి ముందూ తర్వాతా రీడింగులు మళ్లీ వారానికి మూడు.